అమ్మకి స్పా వోచర్ కొనే ముందు

హోస్ట్: నమస్తే అండీ. ఈసారి మనతో చర్మవ్యాధుల డాక్టర్ గారు ఉన్నారు. కాకినాడ నుంచి ఒకమ్మాయి వాయిస్ మెసేజ్ పంపింది. వాళ్లమ్మగారు స్కూల్ టీచర్, వచ్చే నెల రిటైర్ అవుతున్నారు. తొంభై నిమిషాల అరోమా ఆయిల్ మసాజ్, బాడీ స్క్రబ్, ఫేషియల్, అన్నీ కలిపిన ప్యాకేజీ బహుమతిగా ఇద్దామనుకుంటోంది. మూడు సంగతులు కూడా చెప్పింది. అమ్మకి అగరొత్తుల వాసన ఎక్కువైతే తలనొప్పి వస్తుందట. కుంకుమ పెట్టుకునే చోట నల్లగా మచ్చ పడిందట. షుగర్‌కి మాత్రలు వాడుతున్నారట. డాక్టర్ గారూ, ఈ వోచర్ కొనొచ్చా?

డాక్టర్: ఈ ప్యాకేజీ మాత్రం వద్దండీ. ఆ అమ్మాయి చెప్పిన మూడింట్లోనే జవాబుంది. ముందు కుంకుమ మచ్చ గురించి చెప్తాను. అందరూ తేలిగ్గా తీసుకునేది అదే.

హోస్ట్: మచ్చకీ మసాజ్‌కీ ఏంటి సంబంధం?

డాక్టర్: ఎలర్జీ అనగానే ఎర్రగా దద్దుర్లు, దురద అనుకుంటాం. మన చాయ చర్మంలో చాలాసార్లు ఎరుపు కనపడదు. లోపల వాపు సన్నగా నడిచి నడిచి పైకి నలుపుగా తేలుతుంది. కొందరికి దురద కూడా ఉండదు. కుంకుమలో కలిపే రంగుల వల్ల రావచ్చు, సెంటు వల్ల రావచ్చు. సెంటు వల్లే అయిందనుకోండి, అరోమా ఆయిల్‌లోనూ, ఫేషియల్ క్రీముల్లోనూ అలాంటి సెంట్లే ఉండొచ్చు. నుదుటి మీద కందిగింజంత చోట వచ్చింది రేపు మెడకీ, వీపుకీ, మొహానికీ రావచ్చు. ఆ నలుపు పోవడానికి నెలలు పడుతుంది.

హోస్ట్: స్టిక్కర్ బొట్టుకీ ఇలాగే వస్తుందా?

డాక్టర్: దానికి ఎక్కువగా తెల్లమచ్చ చూస్తాం. బొట్టు వెనకాల జిగురులో ఉండే ఒక రసాయనం చర్మానికి రంగునిచ్చే కణాల్ని దెబ్బతీస్తుంది. గిల్టు గొలుసుకి మెడ దురద పెడితే అది నికెల్ వల్ల. ఈ రెండింటికీ సెంటుతో సంబంధం లేదు. కానీ ఏది పడదో అమ్మని అడిగి తెలుసుకుంటే ఆవిడ చర్మం ఎలాంటిదో మనకి అర్థమవుతుంది.

హోస్ట్: స్పా వాళ్లు మావి పూర్తిగా సహజమైన నూనెలు, కెమికల్స్ లేవు అంటారు కదా. అప్పుడు కూడా భయపడాలా?

డాక్టర్: ఈ మాట దగ్గరే జనం పడిపోతారు. ఎలర్జీ తెప్పించే సెంట్లలో చాలా వరకు మొక్కల నూనెల్లోనే ఉన్నాయండీ. నిమ్మగడ్డి, లవంగం, దాల్చినచెక్క, మల్లె, లావెండర్ అన్నీ ఆ జాబితాలోవే. ఇంకో సంగతి. లావెండర్‌లో లినలూల్, నిమ్మజాతి తొక్కల్లో లిమొనీన్ అని ఉంటాయి. కొత్త సీసాలో అవి అంత హాని చేయవు. మూత తీసి గాలి తగిలేకొద్దీ మారిపోతాయి, ఆ మారినవే ఎలర్జీ తెప్పించేది. కాబట్టి ఏ నూనె అని అడిగితే సరిపోదు, ఆ సీసా ఎప్పుడు తెరిచారో కూడా అడగాలి.

హోస్ట్: ఇది నేను ఎప్పుడూ వినలేదండీ.

డాక్టర్: బెర్గమోట్, నిమ్మతొక్క నూనెలకి మరో గుణం ఉంది. అవి ఒంటి మీద ఉండగా ఎండ తగిలితే కాలినట్టయి, తర్వాత నల్లటి మరకలు మిగులుతాయి. మధ్యాహ్నం మసాజ్ చేయించుకుని, స్కూటీ మీద ఇంటికొస్తే చాలు. మన ఎండల సంగతి మీకు చెప్పక్కర్లేదు.

హోస్ట్: అయితే స్పా మానేసి ఇంట్లో ఆడించిన సున్నిపిండి, నలుగు సామాన్లు అందంగా కట్టి ఇస్తే?

డాక్టర్: మంచి ఆలోచనే, కానీ అందులో ఏమేం వేశారో చూడాలి. వాసన కోసం కచ్చూరాలు వేస్తారు. కొంతమంది బావంచాలు కూడా వేస్తారు. బావంచాల్లో సొరలిన్ ఉంటుంది, చర్మం మీద ఎండ ప్రభావాన్ని పెంచేస్తుంది. బొల్లి మచ్చలకి బావంచాలు రాసి ఎండలో కూర్చోబెట్టే పాత వైద్యం అందుకే. సున్నిపిండిని కడిగేస్తాం కాబట్టి ప్రమాదం తక్కువే. అయినా ఆరుబయట నలుగు పెట్టుకుని చాలాసేపు కూర్చునే వాళ్లకి బావంచాలు లేకుండా పట్టించండి. వట్టి పెసరపిండి చాలు.

హోస్ట్: సరే, నూనె పడుతుందో లేదో ముందే తెలుసుకోవడం ఎలా? స్పాలో చేతి మీద ఓ చుక్క రాసి, పది నిమిషాలు చూసి పర్లేదంటారు కదా.

డాక్టర్: పది నిమిషాల్లో తెలిసేది మంట పుట్టిస్తుందా లేదా అని మాత్రమే. సెంటు ఎలర్జీ ఒకట్రెండు రోజులు ఆగి బయటపడుతుంది, ఒక్కోసారి మూడో రోజు. అందుకే ఇంటి దగ్గర ఇలా చేయమంటాను. స్పా వాళ్ల దగ్గర, వాళ్లు వాడబోయే నూనే, కలిపి సిద్ధం చేసినదే, చిన్న సీసాలో అడిగి తెచ్చుకోండి. మోచేతి మడత లోపలివైపు రూపాయి బిళ్లంత చోట పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి రాయాలి. వారం, పది రోజులు అదే చోట రాయాలి. దురద, గరుకుదనం, చిన్న పొక్కులు, రంగు మారడం, వీటిలో ఏది కనపడినా కడిగేసి ఆపేయండి. ఏమీ రాకపోతే చాలా వరకు ధైర్యంగా వాడొచ్చు.

హోస్ట్: స్క్రబ్, ఫేస్‌ప్యాక్ కూడా ఇలాగే రాసి ఉంచాలా?

డాక్టర్: వద్దు. కడిగేసే వాటిని మామూలుగా ఎంతసేపు ఉంచుతామో అంతసేపే ఉంచి కడిగేయాలి. రాత్రంతా ఉంచితే ఎవరికైనా మంట పుడుతుంది. అలాగే చిక్కటి ఎసెన్షియల్ ఆయిల్‌ని నేరుగా చర్మానికి రాసి చూడకూడదు. ఒంటికి వాడేటప్పుడు ముప్పై మిల్లీలీటర్ల నువ్వులనూనెకో, బాదం నూనెకో సుమారు ఆరు చుక్కలు కలిపితే ఒక శాతం అవుతుంది. కొన్నిచోట్ల వాసన గుప్పున రావాలని చేతికొచ్చినంత పోస్తారు.

హోస్ట్: ఇంకో సందేహం. వారం రోజులు అమ్మ చేతికి రాయమంటే సర్‌ప్రైజ్ ఏముంటుంది?

డాక్టర్: ఉండదు, పోనివ్వండి. ఆవిడకి అరవై ఏళ్లొచ్చాయి. కొత్త నూనె తెచ్చానమ్మా, పడుతుందేమో చూద్దాం అంటే సరిపోతుంది, వోచర్ సంగతి చెప్పక్కర్లేదు. అంతకన్నా తేలిక దారి ఒకటుంది. ఇంట్లో ఆవిడ బాత్‌రూమ్ అర మీద చూడండి. ఏళ్ల తరబడి ఏ సబ్బు, ఏ కొబ్బరినూనె వాడుతున్నారు? కొని పక్కన పడేసినవి ఏవి? సగం మిగిలిపోయిన లోషన్ సీసా చాలా చెప్తుంది. లేబుల్ మీద ఫ్రాగ్రెన్స్ అనో, పర్ఫ్యూమ్ అనో, పార్ఫమ్ అనో ఉంటే సెంటు కలిపినట్టే. ఫ్రాగ్రెన్స్ ఫ్రీ అని ఉన్నది తీసుకోండి. అన్‌సెంటెడ్ అని రాసినవాటిలో అసలు వాసన తెలియకుండా కప్పడానికి సెంటు వేసి ఉండొచ్చు.

హోస్ట్: ఆ తలనొప్పి సంగతి? అది చర్మానిది కాదు కదా.

డాక్టర్: కాదు, అయినా ఈ బహుమతిని చెడగొట్టేది ముందుగా అదే. మైగ్రేన్ ఉన్నవాళ్లకి ఘాటైన వాసన నొప్పి తెప్పిస్తుంది, ఉబ్బసం ఉన్నవాళ్లకి ఆయాసం తెప్పిస్తుంది. మసాజ్ నూనెలో సెంటు లేదని సరిపెట్టుకోకూడదు. గదిలో డిఫ్యూజర్ తిరుగుతుంటుంది, కొవ్వొత్తులు వెలిగిస్తారు, దుప్పట్లకీ వాసన పట్టి ఉంటుంది. తలుపులు మూసిన ఏసీ గదిలో తొంభై నిమిషాలు అందులోనే పడుకోవాలి. ఫోన్ చేసి డిఫ్యూజర్ ఆపి, గదిని ముందే గాలాడనిస్తారా అని అడగండి. వీలైతే అమ్మాయే ఒకసారి వెళ్లి ఆ గదిలో నిలబడి చూడాలి.

హోస్ట్: షుగర్ ఉన్నవాళ్లకి?

డాక్టర్: పాదాలకి స్పర్శ తగ్గి ఉండొచ్చు. ఫుట్ స్పాలో నీళ్లు కాలుతున్నా తెలియదు. ప్యూమిస్ రాయితో మడమలు గట్టిగా రుద్దినా, గోళ్ల మూలలు కత్తిరించినా పుండు పడితే మానడం కష్టం. స్పర్శ బాగుందని డాక్టర్ చూసి చెప్పేదాకా పాదాల జోలికి పోవద్దు. కాళ్లలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉంటే గట్టి మసాజ్ అసలే వద్దు.

హోస్ట్: ఇంతకీ ఆవిడకి ఇలాంటివి ఇష్టమో కాదో ఎలా తెలుస్తుంది? అడిగితే నాకెందుకమ్మా ఈ ఖర్చు అనేస్తారు కదా మన అమ్మలు.

డాక్టర్: ఖర్చు గురించి అనే మాట వేరు, ఇష్టం లేక అనే మాట వేరు. స్పా కెళ్తావా అని అడగకండి. గమనించండి. తలకి నూనె పెడతానంటే ముందుకొచ్చి కూర్చుంటారా? పండగకి నలుగు పెట్టించుకోవడం ఇష్టపడేవారా? బ్యూటీపార్లర్‌లో కొత్త మనిషి చెయ్యేస్తే బిగుసుకుపోతారా? ఫుల్ బాడీ మసాజ్‌లో బట్టలు విప్పి, వాళ్లిచ్చే డిస్పోజబుల్ లోదుస్తుతో, పరిచయం లేని మనిషి ముందు పడుకోవాలి. ఆ సంగతి వోచర్ మీద రాసి ఉండదు. అక్కడికెళ్లాక తెలిస్తే, కూతురు డబ్బు కట్టిందని మొహమాటానికి గంటన్నర ఊపిరి బిగబట్టి పడుకుంటారు. అది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

హోస్ట్: కాకినాడ అమ్మాయి దీని గురించీ చెప్పింది. వాళ్లమ్మ ఐబ్రోస్‌కి కూడా వెళ్లరట. కానీ ఆదివారం కూతురు తలంటి పోస్తుంటే కునుకు తీస్తారట.

డాక్టర్: అయితే ఇంకేం. తల, మెడ, భుజాల మసాజ్ తీసుకోమనండి. అరగంట చాలు. కుర్చీలోనే, చీర మీదే, ఆడ థెరపిస్టు చేత. నూనె సెంటులేని నువ్వులనూనె. నువ్వులు కూడా ఎవరికో ఒకరికి పడకపోవచ్చు కాబట్టి మోచేతి పరీక్ష దీనికీ చేయాలి. పక్క కుర్చీలో అమ్మాయి కూడా కూర్చుని చేయించుకుంటే అమ్మకి బెరుకు ఉండదు. ఫేషియల్, స్క్రబ్ తీసేయండి. ఆ మచ్చకి కారణం తేలేదాకా మొహానికి కొత్తవి ఏవీ వద్దు.

హోస్ట్: కారణం తేల్చడం ఎలా?

డాక్టర్: ప్యాచ్ టెస్ట్ చేస్తాం. అనుమానం ఉన్న పదార్థాలు వీపు మీద చిన్న చిన్న పట్టీలుగా అతికించి, రెండు రోజులకి తీసి చూస్తాం. ఆ తర్వాత ఇంకో రెండు రోజులకి మళ్లీ చూస్తాం. ఆ నాలుగు రోజులూ వీపు తడవకూడదు. ఆవిడ వాడే కుంకుమ కూడా తెమ్మంటాం.

హోస్ట్: వోచర్ ఇప్పటికే కొనేసిన వాళ్లు?

డాక్టర్: స్పాకి ఫోన్ చేసి, అదే సొమ్ముకి ఇంకో సేవ తీసుకోవచ్చా, పేరు మార్చొచ్చా, గడువెప్పటిదాకా అని అడగండి. మసాజ్ అయిపోయి దురద మొదలైతే నూనెని సెంటులేని సబ్బుతో కడిగేసి, ఆ సీసా లేబుల్‌ని ఫొటో తీసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి. మందుల షాపులో అడిగి కొనే మిక్స్‌డ్ క్రీముల్లో స్టెరాయిడ్ ఉంటుంది. అప్పటికి తగ్గినట్టే ఉండి, మొహం మీద వాడేకొద్దీ చర్మం పల్చబడి మొటిమలూ, మంటా తెచ్చిపెడుతుంది. అది మాత్రం రాయకండి.