C2H6O అంటే ఇథనాలేనా? టెన్త్ కెమిస్ట్రీలో ఐసోమర్లు, ఇథనాల్, ఇథనోయిక్ యాసిడ్

[స్క్రీన్ మీద: C2H6O]

హాయ్ అందరికీ. ఈ ఫార్ములా కనిపించగానే చాలామంది ఇథనాల్ అని రాసేస్తారు, కానీ ఇంతవరకే చూసి అది ఇథనాలే అని చెప్పలేం, ఎందుకంటే ఈ రెండు కార్బన్లు, ఆరు హైడ్రోజన్లు, ఒక ఆక్సిజన్‌ని రెండు రకాలుగా కలపొచ్చు. ఆక్సిజన్‌ని చివర్లో పెట్టి దానికో హైడ్రోజన్ తగిలిస్తే CH3–CH2–OH, అది ఇథనాల్. అదే ఆక్సిజన్‌ని రెండు కార్బన్ల మధ్యకి తెస్తే CH3–O–CH3, అది డైమిథైల్ ఈథర్. అణు ఫార్ములా ఒకటే, నిర్మాణం వేరు, దీన్నే అణు సాదృశ్యం అంటాం, ఇంగ్లీష్ మీడియం వాళ్లకి ఐసోమెరిజం.

పేరు మారింది అంతే కదా అనుకోకండి. ఇథనాల్ 78 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది, ఈథర్ మైనస్ 24 దగ్గరే మరిగిపోతుంది, అంటే మన గదిలో ఒకటి ద్రవం, ఇంకోటి వాయువు. ఇథనాల్‌లో O–H ఉంది కాబట్టి ఒక అణువు పక్క అణువుతో హైడ్రోజన్ బంధం పెట్టుకుంటుంది, వాటిని విడదీయడానికి ఎక్కువ వేడి కావాలి. ఈథర్‌లో ఆక్సిజన్‌కి హైడ్రోజన్ లేదు, అందుకే అణువులు ఒకదాన్నొకటి అంత గట్టిగా పట్టుకోవు.

[బోర్డు మీద: C5H12]

ఇప్పుడు మార్కులు పోయే చోటుకి వద్దాం. పెంటేన్ ఐసోమర్లు గీయమంటే కొందరు నాలుగైదు గీసేస్తారు. ఐదు కార్బన్ల గొలుసుని L ఆకారంలో వంచినా అది పెంటేనే, వంపు వేస్తే కొత్త పదార్థం రాదు. అలాగే నాలుగు కార్బన్ల గొలుసులో చివరి కార్బన్‌కి CH3 తగిలిస్తే మళ్లీ ఐదు కార్బన్ల గొలుసే అవుతుంది. డౌట్ వస్తే పేరు పెట్టి చూడండి, పొడవైన గొలుసు ఎక్కడుందో లెక్కపెట్టి IUPAC పేరు రాయండి, రెండు బొమ్మలకీ ఒకే పేరు వస్తే అవి రెండూ ఒకటే. అలా చూస్తే చివరికి మూడే మిగుల్తాయి: పెంటేన్, 2-మిథైల్ బ్యూటేన్, 2,2-డైమిథైల్ ప్రొపేన్. ప్రతి కార్బన్‌కీ నాలుగు గీతలే ఉన్నాయా అని కూడా ఒకసారి చూసుకోండి, కొమ్మలు పెట్టే తొందరలో ఐదో గీత పడిపోతుంది.

[టేబుల్ మీద రెండు పరీక్షనాళికలు]

ఒకదాంట్లో ఇథనాల్, ఇంకోదాంట్లో ఇథనోయిక్ యాసిడ్, రెండూ రంగు లేని ద్రవాలే, ఏది ఏదో ఎలా చెప్తారు? సోడియం ముక్క వేస్తాం అని రాస్తే సరిపోదు, ఎందుకంటే రెండూ సోడియంతో హైడ్రోజన్ వాయువునే ఇస్తాయి. సోడియం బైకార్బనేట్, అంటే వంట సోడా వేయాలి. యాసిడ్ ఉన్న దాంట్లో బుసబుసమని పొంగుతుంది, ఆ వాయువుని సున్నపు తేటలోకి పంపితే తెల్లగా పాలలా మారుతుంది, అది CO2. ఇథనాల్‌లో అలాంటి పొంగేమీ ఉండదు.

CH3COOH + NaHCO3 → CH3COONa + H2O + CO2

ఇథనాల్ నుంచే యాసిడ్ కూడా వస్తుంది. కొద్దిగా ఇథనాల్‌ని గోరువెచ్చగా చేసి క్షార పొటాషియం పర్మాంగనేట్‌ని చుక్కచుక్కగా వేస్తే మొదట్లో ఊదా రంగు పోతూ ఉంటుంది, ఇంకా వేస్తూ పోతే ఒక దశలో రంగు అలాగే నిలబడుతుంది. ఎందుకు అని తప్పకుండా అడుగుతారు: ఆక్సీకరణ అవడానికి ఇథనాల్ ఇంక మిగల్లేదు, ఎక్కువైన పర్మాంగనేట్ అలాగే ఉండిపోయింది.

[స్క్రీన్ మీద: ఎస్టరీకరణ]

ఇక రెండింటినీ కలిపేద్దాం. ఒక మిల్లీలీటర్ ఇథనాల్, ఒక మిల్లీలీటర్ గ్లేసియల్ ఎసిటిక్ యాసిడ్, అంటే నీళ్లు కలపని ఇథనోయిక్ యాసిడ్, కొన్ని చుక్కల గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్, ఈ నాళికని 60 డిగ్రీల నీళ్లలో ఒక పావుగంట ఉంచాలి. నేరుగా మంట మీద పెట్టకూడదు, ఇథనాల్ ఆవిరి అంటుకుంటుంది. తర్వాత బీకర్‌లో నీళ్లు తీసుకుని అందులో పోస్తే పండ్ల వాసన వస్తుంది, అది ఈ రెండూ కలిసి తయారైన ఎస్టర్‌ది. నీళ్లలో ఎందుకు పోస్తామంటే మిగిలిపోయిన యాసిడ్, ఆల్కహాల్ నీళ్లలో కలిసిపోతాయి, ఎస్టర్ అంతగా కలవదు కాబట్టి దాని వాసన తేలిగ్గా తెలుస్తుంది.

CH3COOH + C2H5OH ⇌ CH3COOC2H5 + H2O

బాణం రెండు వైపులా పెట్టండి, చర్య పూర్తిగా ఒక వైపే పోదు.

ఈ ఎస్టర్‌లో పరమాణువులు లెక్కపెడితే C4H8O2 వస్తుంది, బ్యుటనోయిక్ యాసిడ్ C3H7COOH ది కూడా అదే ఫార్ములా. అంటే ఈ రెండూ ఐసోమర్లు: ఒకటి పండ్ల వాసన, ఇంకోటి ముక్కిపోయిన వెన్న వాసన, వంట సోడా వేస్తే పొంగేది మాత్రం ఆ రెండోదే.