ఈడూజోడూ ఎలా కుదురుతుంది?

అందరికీ నమస్కారం. ఒక జంటను చూసి “ఈడూజోడూ బాగుంది” అంటాం. అందంలో దాదాపు సమానంగా ఉన్నవాళ్లే జంటలవుతారని మనస్తత్వశాస్త్రంలో ఒక ప్రతిపాదన ఉంది. దాన్ని మ్యాచింగ్ హైపోథిసిస్ అంటారు. జంటల్లో ఈ పోలిక కనిపించే మాట నిజమే. మరి మనుషులు తమ స్థాయివాళ్లనే కోరుకుంటున్నారా?

అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఎలైన్ వాల్‌స్టర్ బృందం దీన్ని పరీక్షించి, 1966లో ఫలితాలు ప్రచురించింది. కొత్త విద్యార్థులు 752 మంది ఒక డాన్సుకు టికెట్లు కొన్నారు. కొనేటప్పుడే నలుగురు వాళ్ల అందానికి గుట్టుగా మార్కులు వేశారు. కంప్యూటరే తగిన జోడీని వెతుకుతుందని విద్యార్థులకు చెప్పారు కానీ, నిజానికి చీటీలు తీసినట్టే కలిపారు. అబ్బాయి కంటే అమ్మాయి పొడవు కాకుండా మాత్రం చూసుకున్నారు. మధ్య విరామంలో అడిగితే, తాము ఎలా ఉన్నా సరే, అందమైన జోడీ దొరికినవాళ్లే ఎక్కువ ఇష్టపడ్డారు. సమానత్వం ఊసే లేదు. అక్కడ జోడీ ముందే ఖాయమైపోయింది కాబట్టి కాదంటారేమోనన్న భయం లేదు. మామూలుగా అయితే అవతలివాళ్లూ ఒప్పుకోవాలి. ఈ తేడా గుర్తుంచుకోండి.

అందరూ అందమైనవాళ్లనే కోరుకున్నా పోలిక పుడుతుందా? 1986లో కాలిక్, హామిల్టన్ ఈ ప్రశ్నను కంప్యూటర్‌కు ఇచ్చి చూశారు. వాళ్ల లెక్కను చిన్నది చేసి చెబుతాను. అందానికి పదికి మార్కులు. ఎదుటివారి మార్కును ఘనం చేసి వెయ్యితో భాగిస్తే, వారికి “సరే” దొరికే అవకాశం వస్తుంది. 9 మార్కులవాళ్లకు అది నూటికి 73, 5 మార్కులవాళ్లకు 12 చిల్లర. జంట కుదరాలంటే ఇద్దరూ సరే అనాలి, కాబట్టి రెండూ గుణించాలి. తొమ్మిదీ తొమ్మిదీ కలిస్తే నూటికి 53 సార్లు కుదురుతుంది. తొమ్మిదీ ఐదూ కలిస్తే 9 సార్లే. ఐదూ ఐదూ అయితే మొదట్లో ఒకటి రెండు సార్లు.

ఇక్కడ ఎవరూ తమ స్థాయిని వెతకలేదు. తొమ్మిదులు త్వరగా జంటలై పక్కకు తప్పుకున్నారు. మిగిలినవాళ్లలో ఐదులకు ఎదురయ్యేది ఎక్కువగా ఐదులే. వెతుకులాట సాగేకొద్దీ పట్టూ సడలుతుంది, అప్పుడు వాళ్లూ కుదురుతారు. కాబట్టి జంటల్లో పోలిక కనిపించినంత మాత్రాన మనసులోని కోరిక అదేనని తేల్చేయడం పొరపాటు.

కొలిచేటప్పుడు జాగ్రత్త తప్పనిసరి. ఫొటోలో ఇద్దరూ పక్కపక్కనే ఉంటే ఒకరి మార్కు మరొకరి మీద పడుతుంది. విడివిడిగా చూపించాలి, ఎవరి జోడీ ఎవరో మార్కులు వేసేవాళ్లకు తెలియకూడదు. పైగా ఇవన్నీ ఎవరికి వారు ఎంచుకున్న జంటల లెక్కలు. పెద్దలు కుదిర్చిన సంబంధాలకు ఇదే లెక్క వర్తిస్తుందని అనుకోకండి.

ఇంకో హద్దు కూడా ఉంది. 2015లో హంట్, ఈస్ట్‌విక్, ఫింకెల్ 167 జంటలను పరిశీలించారు. ప్రేమలో పడకముందు ఎంత ఎక్కువ కాలం పరిచయం ఉంటే, అందంలో పోలిక అంత తక్కువగా కనిపించింది. కొత్త ముఖాన్ని చూసినప్పుడు మన మార్కులు చాలావరకు ఒకేలా ఉంటాయి. నెలల తరబడి కలిసి పనిచేశాక మాటతీరు, నవ్వు, సాయపడే గుణం కూడా లెక్కలోకి వస్తాయి. అదే మనిషి ఒకరి కంటికి 5గానూ, మరొకరి కంటికి 8గానూ కనిపిస్తాడు.