డీఎన్‌ఏ పరీక్ష అడిగే ముందు తేదీలు చూసుకోండి

వ్యాఖ్యాత: జగిత్యాల నుంచి లైన్‌లో ఉన్నారు. చెప్పండి అన్నా.

కాలర్: నమస్తే మేడమ్. మా తమ్ముడు దుబాయ్‌ల పనిచేస్తడు. 2024 నవంబర్ 20న కొడుకు పుట్టిండు. వానికి అనుమానమొచ్చి, పిల్లగాని వెంట్రుకలు ప్రైవేట్ ల్యాబ్‌కు పంపిండు. తండ్రి కాదని రిపోర్టొచ్చింది. ఇది కోర్టుల పెడితే డీఎన్‌ఏ పరీక్షకు ఆర్డరిస్తరా?

న్యాయవాది: ఆ రిపోర్ట్ పక్కన పెట్టండి. మీ తమ్ముడు సెలవు మీద ఎప్పుడొచ్చాడు?

కాలర్: ఫిబ్రవరి 10న వచ్చి, మార్చి 12న పోయిండు.

న్యాయవాది: ఇంట్లోనే ఉన్నాడా?

కాలర్: ఇంట్లనే ఉన్నడు మేడమ్, ఇద్దరూ కలిసే ఉన్నరు.

న్యాయవాది: నెలలు నిండి పుట్టిన బిడ్డ అయితే గర్భం సుమారు 266 రోజుల ముందు నిలుస్తుంది. నవంబర్ 20 నుంచి వెనక్కి లెక్కిస్తే ఫిబ్రవరి 28. సరిగ్గా సెలవు మధ్యలో పడింది. భారతీయ సాక్ష్య అధినియం 116వ సెక్షన్, అంటే పాత సాక్ష్య చట్టంలో 112, పెళ్లి నిలిచి ఉండగా పుట్టిన బిడ్డ భర్త బిడ్డేనని తిరుగులేని రుజువుగా తీసుకుంటుంది. దాన్ని తప్పించాలంటే గర్భం నిలిచే కాలంలో ఆలుమగలు కలిసే అవకాశమే లేదని చూపాలి. ఆమెకు వేరేవాళ్లతో సంబంధం ఉందని రుజువైనా, భర్తకు అవకాశం ఉంటే చట్టం బిడ్డను అతని బిడ్డగానే చూస్తుంది.

కాలర్: మరి రిపోర్ట్?

న్యాయవాది: ఆ వెంట్రుకలు ఎవరివో, ఎవరు తీశారో, దారిలో మారలేదని ఎవరు చెబుతారు? 2023లో అపర్ణా ఫిరోదియా కేసులోనూ భర్త చేతిలో ప్రైవేట్ రిపోర్టే ఉంది. అయినా సుప్రీంకోర్టు బిడ్డకు పరీక్ష వద్దంది. భార్య తప్పు నిరూపించడానికి బిడ్డను సాధనం చేయకూడదు. ఆ పసివాడి పేరు మీద జీవితాంతం ఉండే మచ్చ అది.

వ్యాఖ్యాత: మరి ఎప్పుడు ఆర్డర్ ఇస్తారు మేడమ్?

న్యాయవాది: 1993 గౌతమ్ కుండు తీర్పు నుంచి ఒకటే మాట: అడగ్గానే ఇవ్వరు. కలవలేదనడానికి బలమైన ఆధారం ముందే కనిపించాలి. ఇదే తమ్ముడు 2023 జూన్‌లో వెళ్లి 2024 డిసెంబర్ దాకా రాలేదనుకోండి. పాస్‌పోర్ట్ ముద్రలు, టికెట్లు, కంపెనీ హాజరు పట్టీ పెడతారు. భార్య అక్కడికి వెళ్లలేదనీ చూపుతారు. చాలామంది ఇది మరచిపోతారు, అవతలి వకీలు మొదట అడిగేది అదే. ఇవన్నీ ముందు పిటిషన్‌లోనే రాయాలి. రాయకుండా పరీక్ష కోసం విడిగా దరఖాస్తు వేస్తే కొట్టేస్తారు.

కాలర్: మా వానికి ఇంకేం దారి లేదా?

న్యాయవాది: విడాకులే కావాలంటే, వేరే సంబంధానికి మెసేజ్‌లు, సాక్షులు ఉంటే వాటితో పోరాడొచ్చు, బిడ్డను అందులోకి లాగకుండా. ఈలోగా బిడ్డ ఖర్చులకు పంపే డబ్బు ఆపొద్దని చెప్పండి. ఆపితే ఆమె భరణం కేసు వేస్తుంది, అక్కడా ఈ 116 సెక్షన్నే చూపిస్తుంది.