బొత్తాం పట్టేదాకా: ఒక కవితతో కాసేపు

సమర్పకురాలు: నమస్కారం. నాన్న చేతుల మీద కవిత అనగానే చెట్టు వేర్లూ బీటలు వారిన నేలా వస్తాయేమోనని కొంచెం భయపడతాను. ఈ రోజు అతిథి తెచ్చిన కవితలో అవి లేవు. వీరి నాన్నగారు మంగళగిరిలో గుంట మగ్గం మీద నేసినవారు. ముందు కవిత వినిపించండి.

కవి: తప్పకుండానండి.

రేషన్ దుకాణంలో
అద్దం మీద బొటనవేలు పెట్టాడు నాన్న.
రాలేదంది మిషను.
చొక్కాకు తుడిచి మళ్ళీ పెట్టాడు.
రాలేదు.
"నేనైతే వచ్చానయ్యా" అన్నాడు.
వరుసంతా నవ్వింది. నేనూ నవ్వాను.

యాభై ఏళ్ళు పోగులు నలిపిన వేలు.
తెగిన చోటు తెలియకుండా
ముడి వేసిన వేలు
ఇప్పుడు చొక్కా పై బొత్తాం పట్టుకుని
కాజా ఎక్కడుందో వెతుక్కుంటుంది.
నేను చేయి చాపితే
"పాలు పొంగుతున్నాయి, పోయి చూడు" అంటాడు.

పొయ్యి వెలిగించనేలేదు.
అయినా వంటింట్లో నిలబడి
పొయ్యి వైపే చూస్తున్నాను
బొత్తాం పట్టేదాకా.

సమర్పకురాలు: చేతులని చెప్పి బొటనవేలు ఒక్కటే చూపించారు.

కవి: మొదటి ప్రతిలో రెండు చేతులూ ఉండేవండి. "అరిగిన", "వణికే", "అలసిన" అని ప్రతి పంక్తిలోనూ ఒక విశేషణం తగిలించాను. తరువాత చదువుకుంటే ఆ చేతులు ఎవరి నాన్నవైనా కావచ్చుననిపించింది. మగ్గం మీద పడుగు పోగు తెగినప్పుడు ఆయన పని ఆపి, చిన్న పోగుముక్కను చేర్చి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కొసలను నలిపి ముడి వేసేవారు. ఆ ముడి లావైతే దువ్వెనలాంటి పన్నె పళ్ళ మధ్య ఇరుక్కుని పోగు మళ్ళీ తెగుతుంది. ఇప్పటికీ టీవీ చూస్తున్నప్పుడు ఆ రెండు వేళ్ళూ లేని పోగును నలుపుతూనే ఉంటాయి. వేలిముద్ర పడని వేళ్ళు కూడా అవే కావడంతో తక్కినవన్నీ కొట్టేశాను.

సమర్పకురాలు: వయసు పెరిగేకొద్దీ చర్మం పొడిబారి వేలి మీది గీతల ఎత్తు తగ్గుతుంది, దానికి చేతిపని రాపిడి తోడైతే యంత్రానికి ఆ గీతలు దొరకవు. ఈ సంగతిని కవితలో ఎక్కడా వివరించలేదేం?

కవి: మిషను "రాలేదు" అన్నప్పుడే చెప్పేసింది కదండీ. తెలుగులో ముద్రా రాదు, మనిషీ రాడు. రెండింటికీ ఒకటే క్రియ. నాన్న ఆడిన మాట దాని మీదే నిలబడింది. మొదట ఆ మాటను కవిత చివర పెట్టాను. అప్పుడు విన్నవాళ్ళు నవ్వి లేచిపోయారు, బొత్తాం ఎవరికీ గుర్తులేదు. నవ్వును ముందుకు జరిపితే, ఆ నవ్వులో నేనూ ఉన్నానన్న ఇబ్బంది తరువాతి పంక్తుల వెంట వచ్చింది.

సమర్పకురాలు: నాకు "యాభై ఏళ్ళు" మీద అభ్యంతరం ఉంది. కవిత మొత్తంలో పాఠకుడి చేయి పట్టుకుని నడిపించిన చోటు అదొక్కటే. ముడి వేసిన వేలు అంటే చాలదా?

కవి: చాలదనుకుంటున్నాను. అది లేకపోతే బొత్తాం పట్టని ముసలాయన మాత్రమే మిగులుతాడు. అయితే ఆ పంక్తిలో అంతకంటే పెద్ద తప్పు ఉండేది. "యాభై ఏళ్ళు నేసిన వేలు" అని రాశాను. నాన్న విని, "వేలు నేస్తుందట్రా? కుడిచేత్తో తాడు లాగితే పోగు మోసుకుని నాడె పోతుంది, ఎడమచేత్తో పలక కొట్టి ఆ పోగును బిగించాలి, గుంటలో కాళ్ళు తొక్కుతూ ఉండాలి. వేలి పని పోగు తెగినప్పుడే" అన్నారు. "నలిపిన" అన్న మాట అలా వచ్చింది. సంపాదకత్వం ఆయనదే, పారితోషికం మాత్రం అడగలేదు.

సమర్పకురాలు: చివరి భాగానికి వద్దాం. పొయ్యి వెలగలేదన్న సంగతి ఆయనకూ తెలుసు, మీకూ తెలుసు. ఆ అబద్ధాన్ని ఇద్దరూ నిలబెట్టారు. అక్కడ ప్రేమ అన్న మాట గానీ కన్నీరు గానీ వచ్చి ఉంటే నేను పుస్తకం మూసేసేదాన్ని.

కవి: వచ్చాయండీ, దాచను. "ఆ చేతులకు నా దండం" అని ముగించాను ఒకసారి. ఆ దండం వల్ల నాన్న పటమైపోయారు, బొత్తాం సగంలోనే ఆగిపోయింది. కవితలో ఆయనకు కావలసింది నేను గదిలో లేకపోవడం. అందుకని నన్ను వంటింట్లోకి పంపించి, చూపును పొయ్యి మీదే ఉంచాను. బొత్తాం పట్టడం పాఠకుడికీ కనబడదు.

సమర్పకురాలు: పూర్తయిన కవిత విని ఆయన ఏమన్నారు?

కవి: "కాజా కాస్త పెద్దది చేయమని దర్జీకి చెబితే ఇంత రాసే పని ఉండేది కాదు" అన్నారు.

సమర్పకురాలు: చేయించారా?

కవి: చేయించామండి. ఇప్పుడు బొత్తాం సులువుగానే పడుతోంది, కానీ ఆయన వీధి చివరికి వెళ్ళేలోపు ఊడిపోతోంది.