మోసేది చేతులు, నొప్పి తలకెందుకు? మెడ లోపలి కండరాల కథ

(కెమెరా ముందు నేను. వెనక గోడకి మెడ ఎముకల బొమ్మ.)

నమస్తే అండి. తిరుపతిలో ఫిజియోథెరపీ చేస్తుంటాను. ఈ వీడియో మా బావ అడిగిన ఒక ప్రశ్న వల్ల వచ్చింది. ఆయన చిత్తూరు దగ్గర మామిడికాయల లోడింగ్ చేయిస్తాడు, సీజన్లో మనుషులు తక్కువైతే తనే క్రేట్లు ఎత్తుతాడు. తోతాపురి నింపిన క్రేటు ఇరవై కిలోల పైమాటే. సాయంత్రానికి తల వెనక, పుర్రె కింది అంచున పట్టేసి, నొప్పి కన్ను దాకా వస్తోందంట. "మోసేది చేతులు గదా బామ్మర్దీ, నొప్పి తలకేంది?" అన్నాడు.

చేతులు దేనికి వేలాడుతున్నాయో చూడండి.

(బొమ్మ మీద వేలు పెట్టి.)

బరువు చేతుల్ని కిందికి లాగితే భుజం రెక్క ఎముక కిందికి జారబోతుంది. దాన్ని పైకి పట్టుకునే వాటిలో లెవేటర్ స్కాపులే ఒకటి, అది మెడలో పై నాలుగు ఎముకల నుంచి మొదలవుతుంది. ట్రపీజియస్ పైభాగమైతే పుర్రె వెనక నుంచే. అంటే క్రేటు ఎత్తిన ప్రతిసారీ మెడని వెనక నుంచి కిందికి లాగుతున్నట్టే. ముందు నుంచి ఆపేది లేకపోతే మెడ వెనక్కి వంగి, గడ్డం పైకి లేస్తుంది.

ఆ ముందు నుంచి ఆపేవే ఇవాళ్టి విషయం: లాంగస్ కోలై, లాంగస్ క్యాపిటిస్. గొంతు గొట్టం వెనక, ఎముకలకే అతుక్కుని ఉండే సన్నటి కండరాలు, చేత్తో తాకలేం. లాంగస్ క్యాపిటిస్ పుర్రె అడుగుని ముందుకి వంచుతుంది, లాంగస్ కోలై మెడ వంపు మరీ ఎక్కువ కాకుండా ఎముకల్ని ఒకదాని మీద ఒకటి నిలబెడుతుంది. ముందుకి వంగి క్రేటు అందుకునేటప్పుడు తల బరువుని మోసేది మాత్రం మెడ వెనక కండరాలే, ఆ పని వీటికి అంటగట్టకండి.

ఇవి బలహీనమైతే పని ఆగదు, పక్కవాడు చేస్తాడు. చెవి వెనక నుంచి కాలర్ బోన్ దాకా తాడులా కనిపించేది స్టెర్నోక్లైడోమాస్టాయిడ్, తల తిప్పితే అద్దంలో తెలుస్తుంది. చిక్కేంటంటే, అది మెడ కింది భాగాన్ని ముందుకి లాగుతుంది కానీ, పుర్రెని చెవి వెనక పట్టుకోవడం వల్ల పైభాగంలో గడ్డాన్ని పైకే లేపుతుంది. అప్పుడు పుర్రె కింది చిన్న కండరాలు, పై కీళ్ళు నలుగుతాయి. మెడలో పై మూడు నరాల నొప్పి తలకి పాకుతుంది కాబట్టే బావకి కన్ను దాకా వచ్చింది.

(చాప మీద పడుకుని, కెమెరా పక్క నుంచి.)

ఇప్పుడు ఈ లోపలి కండరాలకి వ్యాయామం, చిన్ టక్. చాలామంది గడ్డాన్ని గొంతులోకి గట్టిగా నెట్టి, రెండో గడ్డం వచ్చేదాకా లాగుతారు, అది వేరే కదలిక, తల మొత్తం వెనక్కి జరగడం. మనకి కావాల్సింది "అవును" అని తలూపినంత చిన్న కదలిక. వెల్లకిలా పడుకోండి, మోకాళ్ళు మడవండి, తల కింద పల్చగా మడిచిన టవల్. రెండు వేళ్ళు ఆ తాడు మీద పెట్టి, తల పైకి లేపకుండా గడ్డాన్ని నెమ్మదిగా కొంచెమే దించండి. తాడు మెత్తగా ఉండాలి. వెంటనే బిగిసిందా, పళ్ళు కరుచుకున్నారా, ఊపిరి ఆగిందా, అప్పుడు బయటి కండరమే పని చేస్తోంది, సగం తగ్గించండి.

క్లినిక్‌లో మేం మెడ కింద గాలి సంచి పెట్టి, ఇదే కదలికతో దాని ఒత్తిడిని 20 మిల్లీమీటర్ల మెర్క్యురీ దగ్గర మొదలుపెట్టి, రెండేసి చొప్పున 30 దాకా ఆపి చూస్తాం, ఒక్కోసారి 10 సెకన్లు. మా బావ 24 దగ్గరే వణికాడు, క్రేట్లు ఎత్తే మనిషి! బలం లేక కాదు, ఆ కండరాన్ని విడిగా వాడటం మరిచిపోయాడు. ఇంట్లో పదేసి సెకన్లు, పదిసార్లు, రోజూ చేయమన్నాను.

చేయి తిమ్మిరెక్కినా, నొప్పి చేతిలోకి దిగినా, తల తిరిగినా ఇది ఆపేసి ముందు డాక్టరుకి చూపించుకోండి.

(లారీ దగ్గర తీసిన వీడియో, పక్క నుంచి.)

బరువు ఎత్తేటప్పుడు గడ్డాన్ని పూర్తిగా నొక్కి పెట్టకండి, అదీ మెడని ఒక చివరకి తోసేయడమే. జిమ్‌లో డెడ్‌లిఫ్ట్ చేసేవాళ్ళకీ ఇదే మాట, కింద వంగి ఎదుటి అద్దంలోకి చూశారంటే గడ్డం లేచిపోతుంది. పెద్ద బరువుకి మెడ కండరాలన్నీ బిగుస్తాయి, బిగవనివ్వండి. గడ్డం మొదలుపెట్టిన చోటే ఉందా లేదా, అంతే చూసుకోండి.

ఇక్కడ చూడండి, బావ క్రేటు నేల మీద నుంచి లేపేది బాగానే ఉంది. తప్పు తర్వాత జరుగుతోంది, లారీకి మరీ దగ్గరగా నిలబడి, పైన అందుకునేవాడి కోసం తలెత్తుతాడు, క్రేటు ఇంకా చేతుల్లోనే ఉంటుంది. ఇప్పుడు ఒక అడుగు వెనక ఆగి, కళ్ళు మాత్రం పైకెత్తి, "అందుకో అబ్బోడా" అని అరిచి, అవతలివాడి చేతులు క్రేటు మీద పడ్డాకే ముందుకి వెళ్తున్నాడు.