మీ కంపెనీ మీద పుకారు లేస్తే ప్రకటన ఎలా రాయాలి?

నమస్తే అండీ. ఈ రోజు మనం ఒక ప్రకటన మొత్తం కూర్చుని రాద్దాం. ఊహించిన కేసే, కానీ ఇలాంటివి మన దగ్గర తరచూ చూస్తున్నాం. ఒక చిన్న డెయిరీ ఉంది, వాళ్ల పాలు కాచితే రబ్బరులా సాగే ముద్ద అయిందని, అందులో ప్లాస్టిక్ ఉందని ఒక వీడియో వాట్సాప్‌లో తిరుగుతోంది. ఓనర్‌కి టెన్షన్, పొద్దున్నుంచి ఏజెంట్ల ఫోన్లు. ఆ వేడిలో మొదట రాసేది ఎలా ఉంటుందంటే: "ఇది పూర్తిగా అబద్ధం, గిట్టనివాళ్ల కుట్ర, మా పాలు నూటికి నూరు శాతం స్వచ్ఛం, షేర్ చేసినవాళ్ల మీద కేసు పెడతాం."

ఇందులో పాల గురించి ఒక్క ముక్క అయినా ఉందా? లేదు. పైగా ఆ వీడియో తీసింది బహుశా పిల్లలకి పాలు కాచిన ఒక అమ్మ. ఆమె చూసింది నిజమే, ముద్ద అయింది. ఆమె వేసుకున్న లెక్క తప్పు కావచ్చు, అంతే. ఆమెని దొంగలా చూస్తే చదివేవాళ్లందరూ ఆమె వైపే నిలబడతారు.

1993 జూన్‌లో అమెరికాలో పెప్సీకి ఇలాంటిదే ఎదురైంది. వాషింగ్టన్ రాష్ట్రంలో డైట్ పెప్సీ డబ్బాలో సిరంజి దొరికిందని వార్త వచ్చింది, కొద్ది రోజుల్లోనే వేరే రాష్ట్రాల నుంచీ అలాంటి ఫిర్యాదులే. కంపెనీ ఏం చేసిందంటే, డబ్బాలు నింపే లైన్‌ని వీడియో తీసి టీవీ చానళ్లకి ఇచ్చింది. ఖాళీ డబ్బాని తిరగేసి శుభ్రం చేసి, మళ్లీ నిలబెట్టి నింపి మూత బిగించేస్తారు, డబ్బా తెరిచి ఉండేది సెకనులోపే. అంత వేగంలో అన్ని చోట్లా సిరంజిలు ఎలా పడతాయో చూసేవాళ్లే ఆలోచించుకున్నారు. బయటి సాక్షిగా ఆహార నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కమిషనర్ డేవిడ్ కెస్లర్ కూడా మాట్లాడారు. తర్వాత ఒక షాపు కెమెరాలో ఒకావిడ డబ్బాలో ఏదో వేస్తూ దొరికింది, కొందరు అరెస్టయ్యారు. ఆ ఫిర్యాదులు నిలబడలేదు. నాకు నచ్చేది ఏంటంటే, "మమ్మల్ని నమ్మండి" అని అడగడం కన్నా పని ఎలా జరుగుతుందో చూపించడం మీదే వాళ్లు ఆధారపడ్డారు.

ఇప్పుడు మన డెయిరీకి రాద్దాం. స్క్రీన్ మీద చూడండి:

"మా పాలు కాచినప్పుడు సాగే ముద్దగా మారిన వీడియో చూశాం. ప్యాకెట్ మీద కనిపిస్తున్న బ్యాచ్ 11వ తేదీ రాత్రి ప్యాక్ అయింది. అదే బ్యాచ్‌లో మేం తీసిపెట్టిన శాంపిల్‌ని ఈ రోజు కాచి చూశాం, విరగలేదు. ఇంకో శాంపిల్‌ని ఎన్ఏబీఎల్ గుర్తింపు ఉన్న బయటి ల్యాబ్‌కి పంపాం, ఫలితం ఏదైనా పూర్తి రిపోర్టు పెడతాం. పులుపెక్కిన పాలు కాచితే అందులోని ప్రోటీన్ గడ్డకట్టి సాగుతుంది. ఈ ప్యాకెట్‌లో జరిగింది అదేనా అన్నది ఇంకా తేలలేదు. ఆ బ్యాచ్ ప్యాకెట్ మీ దగ్గర ఉంటే వాడకండి, పారేయకండి. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే వచ్చి తీసుకుని డబ్బు వాపసు ఇస్తాం. తర్వాతి సమాచారం రేపు సాయంత్రం 6 గంటలకు."

ఇందులో "ప్లాస్టిక్" అన్న మాటే లేదు, గమనించారా? పుకారులోని మాటని మనమే హెడ్డింగ్‌లో పెడితే, వీడియో చూడనివాళ్లకి కూడా మనమే చేరవేసినట్టు. కానీ విషయం దాచినట్టూ ఉండకూడదు, అందుకే వీడియోలో కనిపించిందాన్ని ఉన్నదున్నట్టు మొదటి వాక్యంలోనే చెప్పాం.

అన్నిటికన్నా గట్టి వాక్యం "ఇంకా తేలలేదు" అన్నదే. ఓనర్ దాన్నే కొట్టేయమంటారు, ఒప్పుకోకండి. శాంపిల్ బాగున్నంత మాత్రాన ఆ ఇంటికి చేరిన ప్యాకెట్ బాగుందని కాదు, దారిలో ఐస్ కరిగిపోయి ఉండొచ్చు, షాపులో ఫ్రిజ్ ఆపేసి ఉండొచ్చు. ఆ రోజు వ్యాన్ లేటయిందని మీకు తెలిస్తే మాత్రం అది రెండో వాక్యంలోనే చెప్పండి, ఎందుకంటే అది డ్రైవర్ నోటి నుంచి బయటికొస్తే మిగతా నిజాలు కూడా ఎవరూ నమ్మరు.

పోస్ట్ చేసేముందు ఇదే కాపీని ఏజెంట్లకీ కస్టమర్ కేర్‌లో కూర్చునేవాళ్లకీ పంపండి, ఒకరు ఒకటి, ఇంకొకరు ఇంకొకటి చెబితే అదే కొత్త పుకారు అవుతుంది. రేపు 6 గంటలకి ల్యాబ్ రిపోర్టు రాకపోయినా సరే, రాలేదని, ఎప్పుడు వస్తుందని ల్యాబ్ చెప్పిందో ఆ తేదీతో సహా అదే టైముకి రాయండి.