సీపీయూ ఖాళీగానే ఉంది, కానీ కాంటా చీటీ రావట్లేదు

(నల్లగొండలో యువ ఇంజినీర్ల సమావేశంలో ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మీలో చాలామంది మిర్యాలగూడ, సూర్యాపేట వైపు వాళ్లే కాబట్టి నా ఉదాహరణ సులువుగా అర్థమవుతుంది. నేను పనిచేసే చిన్న కంపెనీ రైస్ మిల్లులకు సాఫ్ట్‌వేర్ ఇస్తుంది. వడ్ల లారీ కాంటా ఎక్కగానే బరువు నమోదై చీటీ ప్రింటవుతుంది. దీని వెనక ఏడబ్ల్యూఎస్‌లో రెండు మెషీన్లు ఉండేవి. ఒకదాంట్లో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, ఇంకోదాంట్లో చీటీల పీడీఎఫ్‌లు, లారీ ఫొటోలు తయారుచేసే ప్రోగ్రాం. రెండూ m5.2xlarge, అంటే 8 వీసీపీయూలు, 32 జీబీ మెమరీ. ఎందుకు అదే సైజు అంటే, మొదట పెట్టినాయన అదే పెట్టాడు. అంతకుమించి కారణం లేదు.

ఒక ఆగస్టులో బిల్లు తగ్గించమన్నారు. నేను ఏడబ్ల్యూఎస్ కొలతల గ్రాఫులు చూపే క్లౌడ్‌వాచ్ తెరిచి డేటాబేస్ మెషీన్ CPUUtilization చూశాను. సగటు 8 శాతం, రెండు వారాల్లో అత్యధికం 14 శాతం. ఎనిమిదిలో 14 శాతం అంటే ఒక వీసీపీయూ పైచిలుకు. మెమరీ మాత్రం అక్కడ కనపడదు. లోపలి ఆపరేటింగ్ సిస్టమ్ మెమరీని ఎలా వాడుతోందో బయటినుంచి ఏడబ్ల్యూఎస్‌కు తెలియదు కాబట్టి, మనమే మెషీన్ లోపల ఆ కొలతలు పంపే ఏజెంట్ ప్రోగ్రాం పెట్టుకోవాలి. నేను ఏజెంట్ పెట్టకుండా మెషీన్‌లోకి వెళ్లి చూశాను:

```
$ free -m
       total   used   free  shared  buff/cache  available
Mem:   31700   6900   1100    4300       23700      19900
```

వాడింది 6.9 జీబీ, 22 శాతం. సీపీయూ తక్కువ, మెమరీ తక్కువ. ఇంకేం, సగం చేసి m5.xlargeకి దించాను. 4 వీసీపీయూలు, 16 జీబీ. బిల్లు సగం. రెండు నెలలు ఏ ఇబ్బందీ లేదు. ఆఫీసులో నన్ను మెచ్చుకున్నారు కూడా.

అక్టోబరు చివర వానకాలం వడ్లు రావడం మొదలైంది. పొద్దున పది గంటలకు ఫోన్లు. కాంటా దగ్గర ట్రాక్టర్లు వరుస కట్టాయి, చీటీ రావడానికి నిమిషం పడుతోంది. డ్రైవర్లు అరుస్తున్నారు, మిల్లు గుమస్తాలు మా మీద అరుస్తున్నారు. టెన్షన్‌తో CPUUtilization చూస్తే 19 శాతం. సీపీయూ ఖాళీగా ఉంటే ఎందుకు నెమ్మది? ఇంటర్నెట్ అనుకుని గంట వృథా చేశాను.

తర్వాత ఇది కొట్టాను:

```
vmstat 5
```

చివర్లో wa అనే కాలమ్ 40కి అటూ ఇటూ ఉంది. అది డిస్క్ నుంచి డేటా వచ్చేదాకా సీపీయూ ఊరకే ఎదురుచూసిన సమయం. క్లౌడ్‌వాచ్ లెక్కలో అది పనిచేసిన సమయం కాదు, అందుకే 19 శాతమే కనపడింది. మిల్లులో హమాలీలు చెట్టు కింద కూర్చున్నారని పని లేదనుకోవద్దు. గోదాము చిన్నదైతే, బస్తా బయటినుంచి వచ్చేదాకా వాళ్లు కూర్చోవాల్సిందే.

ఇప్పుడు పైన ఉన్న అంకెలను మళ్లీ చదవండి. నేను 6900 ఒక్కటే చూశాను. పోస్ట్‌గ్రెస్ తన కోసం కేటాయించుకున్న shared_buffers, మా దాంట్లో 4 జీబీ, ఆ usedలో లేదు. shared కింద ఉంది, buff/cacheలో కలిసి ఉంది. దాన్ని లినక్స్ ఇష్టమొచ్చినప్పుడు ఖాళీ చేయలేదు. కాబట్టి తప్పనిసరిగా కావాల్సింది 6.9 కాదు, 11.2 జీబీ. మిగిలిన 19 జీబీ పైచిలుకు క్యాష్, అంటే డిస్క్ నుంచి ఒకసారి చదివినదాన్ని లినక్స్ మెమరీలోనే దాచి ఉంచేది. మామూలు ప్రోగ్రామ్‌కైతే అది ఖాళీ కిందే లెక్క. డేటాబేస్‌కు కాదు. సీజన్లో పదేపదే తాకే చీటీల టేబుళ్లు, వాటి ఇండెక్సులు కలిపి మాకు 14 జీబీ దాకా ఉంటాయి. పాత మెషీన్ క్యాష్‌లో అవి పట్టేవి. 16 జీబీ మెషీన్లో 11.2 పోను క్యాష్‌కు నాలుగే మిగిలాయి. ప్రతి చీటీకి డిస్క్ దగ్గరికి పరుగు. ఆగస్టులో ఆ టేబుళ్లను ఎవరూ తాకరు, కాబట్టి తేడా తెలియలేదు.

ఈ తప్పు దొరికే చోటు ఇంకొకటి ఉంది, దానికి ఏజెంట్ కూడా అక్కర్లేదు. ఈబీఎస్ డిస్క్ గ్రాఫుల్లో VolumeReadOps చూడండి. సైజు తగ్గించాక పని అంతే ఉండి చదవడాలు పెరిగితే, తగ్గించింది మెమరీని అని అర్థం. మాది ఆ రోజు నిట్టనిలువుగా లేచి ఉంది.

ఇక కాలం సంగతి. ఏడబ్ల్యూఎస్ వాళ్ల కంప్యూట్ ఆప్టిమైజర్ మామూలుగా గత 14 రోజులు చూసి సలహా ఇస్తుంది. మన దగ్గర పని యాసంగికి, వానకాలానికి ఎగబాకుతుంది, మధ్యలో పడుకుంటుంది. ఆగస్టులో అడిగితే అది కూడా నాలాగే తప్పు చెప్పేది. వెనక్కి వెళ్లి చూడాలంటే, ఐదు నిమిషాల అంకెలు క్లౌడ్‌వాచ్‌లో 63 రోజులే ఉంటాయి. గంటవారీవి 15 నెలలు ఉంటాయి. అంటే పోయిన సీజన్ దొరుకుతుంది, కానీ Average పెడితే పీక్ కరిగిపోతుంది. Maximum పెట్టి చూడండి. నేను అలా చూస్తే పాత మెషీన్లో ఏప్రిల్ పీక్ 24 శాతం. అది కూడా ఐదు నిమిషాల సగటే. తర్వాత సీజన్లో ఒక నిమిషం మానిటరింగ్ పెట్టి, ఎనిమిది వీసీపీయూలకు లెక్కగడితే 31 శాతం వచ్చింది, అంటే రెండున్నర వీసీపీయూలు.

అప్పుడు బేరం తేలింది. సీపీయూ రెండున్నర, మెమరీ 25 జీబీ పైన. ఏడబ్ల్యూఎస్ మెషీన్ల c కుటుంబంలో వీసీపీయూకి 2 జీబీ, mలో 4, rలో 8. మా అవసరం వీసీపీయూకి పది, కాబట్టి r. మెమరీకి r5.xlarge సరిపోతుంది, 4 వీసీపీయూలు, 32 జీబీ. పీక్‌లో సీపీయూ 62 శాతం దాకా పోతుంది. ఇంటెల్ మెషీన్లో వీసీపీయూ అంటే ఒక కోర్‌లో సగం, ఒక థ్రెడ్. సగం దాటాక ప్రతి అదనపు శాతం పూర్తి శాతంగా పనిచేయదు, అందుకే అంతకన్నా బిగించలేదు.

ధరలు నార్త్ వర్జీనియా రీజియన్ ఆన్-డిమాండ్‌వి చెబుతాను, ముంబై, హైదరాబాద్‌లలో వేరు. గంటకు m5.2xlarge 38.4 సెంట్లు, r5.xlarge 25.2. మూడో వంతు తగ్గింది, మెమరీ ఒక్క జీబీ కూడా పోలేదు.

రెండో మెషీన్ కథ చిన్నది. ఫొటోలు కుదించే పనిలో సీపీయూ 85 శాతం, మెమరీ పీక్ 9 జీబీ, క్యాష్‌తో దానికి పని లేదు. c5.2xlargeకి మార్చాం, 8 వీసీపీయూలు, 16 జీబీ. కానీ ఆదా 38.4 నుంచి 34 సెంట్లకే, పదకొండు శాతం. అదే సైజులో ఉండి c కి మారితే పెద్ద డబ్బు మిగలదు. డబ్బు మిగిలేది సైజు ఒక మెట్టు దిగినప్పుడు, డేటాబేస్ విషయంలో r మాకు ఆ మెట్టు దిగనిచ్చింది.

r5.large ఎందుకు కాదని ఒకరు అడుగుతారు. దానికి 2 వీసీపీయూలు, 16 జీబీ. మాకు నిమిషం పీక్‌లో రెండున్నర కావాలి. ఆగస్టులోనైతే అది కూడా హాయిగా నడిచేది.